కుక్క పారిపోలేదు, మనమే తరుముతున్నాం

మన మొహల్లాల్లో ఇంటి కుక్క తప్పిపోతే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఇంటి పెద్ద కొడుకు బండి తీస్తాడు. వెనక ఇద్దరు దోస్తులు ఎక్కుతారు. ఇంకో రెండు బండ్లు తోడవుతాయి. గల్లీ గల్లీ తిరుగుతూ "టైగర్! టైగర్!" అని గొంతు చించుకుంటారు. ఎక్కడో ఒక ప్రహరీ గోడ పక్కన అది కనబడుతుంది. "అదిగో!" అని ఒక్కసారే అరుస్తారు, బండ్లు పడేసి నాలుగు దిక్కుల నుంచి ఉరుకుతారు. కుక్క దొరకదు. రాత్రి ఇంటికొచ్చి అమ్మీతో చెప్తారు: "మమ్మల్ని చూసి కూడా ఉరికింది అమ్మీ. బేవఫా జానవర్."

బేవఫా అన్న మాట ఇక్కడ తప్పు. అది పొద్దున ఉన్న చోటు నుంచి మూడు గల్లీలు అవతలికి పోయిందంటే, దాన్ని పంపింది ఈ పిల్లలే. పటాకులకు భయపడి ఇంట్లోంచి ఉరికిన కుక్కను ఇల్లు దాటించింది పటాకులైతే, ఊరు దాటించేది మన తలాష్. ఈ మాట కొందరికి చేదుగా ఉంటుందని తెలుసు. అయినా చెప్పాలి. ఎందుకంటే దీపావళి, శివరాత్రి, గణేశ్ నిమజ్జనం, మన సొంత షాదీల బరాత్ పటాకులు, ఇవి ఏటా వస్తాయి. ఏటా కుక్కలు ఉరుకుతాయి. ఏటా మనం ఇదే హంగామా చేస్తాం.

ముందు ఇంకో వర్గానికి జవాబు చెప్పాలి. "జానే దో భాయ్, కుక్కే కదా, పోతే పోనీ. ఇంట్లో ఉంటే ఫరిష్తేలు రారు" అనే బుజుర్గులు ప్రతి మొహల్లాలో ఉంటారు. కుక్క ఎంగిలి నాపాక్ అన్నది, అది మూతి పెట్టిన గిన్నెను ఏడుసార్లు కడగాలన్న హదీస్ ఉన్నది నిజమే. దానితో నాకు పేచీ లేదు. కానీ పొలానికి, మందకు, శికార్‌కు కుక్కను ఉంచుకోవడానికి ఇజాజత్ ఇచ్చింది కూడా హదీసే. శిక్షణ పొందిన కుక్క పట్టిన వేట హలాల్ అని సూరా మాయిదాలో ఉంది. అస్‌హాబె కహఫ్ గుహ గడపలో కుక్క ఉంది. దాహంతో ఉన్న కుక్కకు బావిలో దిగి నీళ్లు తెచ్చి తాగించిన మనిషికి మగ్‌ఫిరత్ దొరికిందన్నది బుఖారీలోనూ ముస్లింలోనూ ఉన్న హదీస్. కుక్కను ఇంట్లోకి రానివ్వాలా, వాకిట్లో కట్టాలా అన్నది మీ ఇంటి మసలా. కట్టేసి, ఐదేళ్లు కాపలా కాయించుకుని, అది భయంతో ఉరికిన రోజున "పోతే పోనీ" అనడం మాత్రం దీన్ కాదు, బద్ధకం. మీ చేతి అన్నం తిన్న బేజుబాన్ మీకు అమానత్.

సరే, తలాష్ సంగతికి వద్దాం.

తప్పిపోయిన కుక్కలన్నీ ఒకటి కాదు. గేటు తెరిచి ఉంటే ఆడకుక్క వెనకో, చికెన్ దుకాణం వాసన వెనకో పోయిన కుక్క ఒక రకం. అది భయపడి లేదు, తిరుగుడుకు పోయింది. మనిషిని చూస్తే తోక ఊపుతుంది. దానికోసం పేరు పెట్టి పిలవొచ్చు, బండి మీద తిరగొచ్చు, సాయంత్రానికి దొరుకుతుంది. రెండో రకం ఖౌఫ్‌తో ఉరికినది. పటాకి పేలిందో, డీజే మోగిందో, బండి తగిలిందో, కొత్త ఇంటికి తెచ్చిన రెండో రోజే గొలుసు తెంచుకుందో. తోక కాళ్ల మధ్య పెట్టుకుని, నడుము వంచి, వెనక్కి చూడకుండా పోయిందని ఎవరైనా చెప్తే అది రెండో రకం. దానికి మొదటి రకం వైద్యం చేస్తే నుక్సానే.

ఎందుకో చూడండి. భయంలో ఉన్న కుక్కకు రెండే పనులు తెలుసు: ఉరకడం, దాక్కోవడం. ఆ స్థితిలో పేరు, గొంతు, మొహం పెద్దగా పనిచేయవు. దూరంగా నిలబడి చేతులు ఊపుతూ అరిచే మనిషి దాని లెక్కలో యజమాని కాదు, వేటగాడు. పైగా మనం కంగారులో పిలిచే గొంతు మామూలు గొంతు కాదు. రోజూ అన్నం పెట్టేటప్పుడు మెల్లగా పిలిచే పేరును ఆ రోజు గుస్సాతో, ఏడుపుతో పిలుస్తాం. ఇంటి మనిషి అని అది పోల్చుకునేది ఎక్కువగా వాసనతోనే. వాసన దాకా అది రావాలంటే మనం కదలకూడదు. బండి మీద పోయేవాడి వాసన అందేలోపే బండి పోతుంది. ఒకసారి తరిమితే మనిషి అంటే తరిమేవాడు అన్న పాఠం నేర్చుకుంటుంది. ఆ తర్వాత నిజంగా మంచి మనసుతో దగ్గరికొచ్చినవాడిని చూసినా ఉరుకుతుంది.

దీనికి దునియా అంతా చూసిన మిసాల్ ఒకటి ఉంది. ఆస్ట్రేలియాలో కంగారూ ఐలాండ్ అని ఒక పెద్ద దీవి. 2023 నవంబర్‌లో ఒక యువ జంట అక్కడి స్టోక్స్ బే దగ్గర గుడారం వేసుకుంది. వాళ్ల కుక్క వాలెరీ పొట్టి కాళ్ల డాక్స్‌హుండ్, చంకలో పట్టేంత చిన్నది. వాళ్లు చేపలు పట్టడానికి పోయిన కాసేపట్లో అది కంచె తప్పించుకుంది. చుట్టుపక్కల వాళ్లు సాయం చేద్దామనే దాన్ని పట్టబోయారు. అది పార్క్ చేసిన కారు కిందికి దూరింది, అక్కడి నుంచి అడవిలోకి ఉరికింది. సోఫా మీద పెరిగిన ఆ చిన్న ప్రాణం 529 రోజులు అడవిలో ఉంది.

దొరికింది ఎలా? ఎవరూ దాని వెనక ఉరకలేదు. కంగాలా అనే వన్యప్రాణుల సంస్థ వలంటీర్లు ముందు కెమెరాలు పెట్టి అది ఏ దారిన, ఏ వేళ వస్తోందో కనిపెట్టారు. ఒకే చోట తిండి పెట్టడం మొదలుపెట్టారు. యజమానురాలు తొడిగి విడిచిన టీ షర్టు తెప్పించి, పీలికలు చేసి, బోను చుట్టూ వాసన దారి వేశారు. తిండి మెల్లమెల్లగా బోను లోపలికి జరిపారు. దాని ఆటబొమ్మలు కూడా లోపల పెట్టారు. అది లోపలికి వచ్చి తిని పోవడానికి అలవాటు పడ్డాక, దూరం నుంచి మూసే తలుపు పెట్టారు. అది లోపల పూర్తిగా నిదానించిన క్షణం చూసి 2025 ఏప్రిల్‌లో తలుపు మూశారు. మూశాక కూడా దాన్ని ఎత్తుకోలేదు. యజమానురాలి వాసన ఉన్న బట్ట తొడుక్కుని ఒకరు లోపలికి పోయి, అది తానుగా దగ్గరికి వచ్చేదాకా కూర్చున్నారు. చేసిన పనంతా సబ్ర్, వాసన, తిండి, ఒక తలుపు. మన దగ్గర కెమెరాలు లేకపోవచ్చు. మిగతావన్నీ ప్రతి ఇంట్లో ఉన్నాయి.

ఇక్కడ ఒకరు లేచి "మరి పండరిపూర్ కుక్క తానే ఇల్లు వెతుక్కుని రాలేదా?" అంటారు. వచ్చింది. 2024లో కర్ణాటకలోని నిపాణి తాలూకా నుంచి పండరిపూర్ యాత్రకు యజమానితో నడిచిపోయిన నల్ల కుక్క అక్కడి జనంలో తప్పిపోయి, సుమారు 250 కిలోమీటర్లు దాటి ఇంటి గడపకు చేరింది. ఊరంతా దావత్ చేసుకుంది. కానీ అది జనంలో తప్పిపోయింది, భయంతో ఉరికింది కాదు. ఇంకో సంగతి, అఖ్‌బార్ పనిలో ఇన్నేళ్లు ఉన్నాను కాబట్టి చెప్తున్నాను: తిరిగొచ్చిన కుక్క ఖబర్ అవుతుంది. తిరిగి రానివాటి గురించి ఎవరూ రాయరు. ఒక మోజిజాలాంటి ఖబర్ చదివి చేతులు కట్టుకుని కూర్చుంటే నష్టం మన కుక్కకే.

మన వేములవాడలోనే జరిగిందనుకుని లెక్క వేద్దాం. మూలవాగు వైపు ఒక ఇల్లు. శివరాత్రి ముందు రోజు. రాజన్న గుడికి లక్షల్లో జనం, బస్సులు, డప్పులు, మైకులు. రాత్రి 9 గంటలకు కుక్క గొలుసు తెంచుకుంది. ఏం చేయాలి?

మొదటి పని, గేటు తెరిచి పెట్టండి. నవ్వకండి. చాలా కుక్కలు అర్ధరాత్రి సద్దుమణిగాక తామే ఇంటిదాకా వస్తాయి, గేటు మూసి ఉంటే తిరిగి పోతాయి. వాకిట్లో అది పడుకునే గోనెసంచి, ఇంటివాళ్లు తొడిగి విడిచిన ఉతకని బట్ట పెట్టండి. ఎవరి బట్ట? ఇక్కడ మన ఇళ్లకు ఒక ఖాస్ విషయం ఉంది. పాకీ ఖయాల్‌తో మన ఇళ్లలో చాలామంది కుక్కను ముట్టుకోరు. ఇంటి పెద్దాయన పేరు మీద కుక్క ఉంటుంది, అన్నం పెట్టేది మాత్రం ఎనిమిదో తరగతి పిల్లవాడో, పని చేసే అమ్మో. కుక్క లెక్కలో మాలిక్ ఆ పిల్లవాడే. బట్ట వాడిది కావాలి, కూర్చోవలసింది వాడు. అబ్బాజాన్ లుంగీ వేసి ఫాయిదా లేదు.

రెండో పని, అర్ధరాత్రి దాటాక, మళ్లీ ఫజర్‌కు ముందు, ఇద్దరంటే ఇద్దరు నడిచి వెళ్లండి. పిలవడానికి కాదు, చూడడానికి. భయపడిన కుక్క పగలు దాక్కుంటుంది, జనం లేని వేళ కదులుతుంది. చాలాసార్లు అది మొదటి రెండు రోజులు ఇంటికి ఒకటి రెండు కిలోమీటర్ల లోపే ఉంటుంది, మన కళ్ల ముందే ఉండి చప్పుడు చేయదు. నడిరోడ్డు మీద పోదు, అంచులు పట్టుకుని పోతుంది: వాగు గట్టు, కాలువ పక్కన తుమ్మ పొదలు, కట్టడం ఆగిపోయిన ఇళ్లు, ఆగి ఉన్న లారీల కింద, గడ్డివాముల వెనక. టార్చి నేల మీదికి వంచి వేయండి, రెండు కళ్లు మెరుస్తాయి. మెరిశాయా, ఆగిపోండి. ఆ చోటు గుర్తు పెట్టుకోండి. అంతవరకే ఆ రాత్రి పని.

ఫజర్‌కు పోయే ముసల్లీలు ఈ విషయంలో మనకు పెద్ద వరం. ఊరు నిద్రలో ఉన్నప్పుడు రోడ్డు మీద ఉండేది వాళ్లు, పాలవాళ్లు, మున్సిపాలిటీ సఫాయీ కార్మికులు. కుక్కను చూసేది వీళ్లే. మసీదు మైకులో ఎలాన్ చేయించాలని కొందరు అంటారు. వద్దు. ఎలాన్ చేస్తే పోరగాళ్లంతా కట్టెలు పట్టుకుని సవాబ్ కోసం బయల్దేరుతారు. నమాజ్ అయ్యాక గుమ్మం దగ్గర నలుగురికి ఫొటో చూపించి, "కనబడితే పట్టుకోకండి చచా, ఒక్క ఫోన్ చేయండి" అంటే చాలు.

ఇక ఇష్తిహార్. మన గుమ్‌షుదా పోస్టర్లు చూస్తే నాకు కోపం వస్తుంది. చిన్న కాగితం మీద ఇరవై లైన్లు, కుక్క జాతి, వయసు, దాని స్వభావం, ఇంటివాళ్ల ఏడుపు, కింద చీమల్లా నంబరు. బండి మీద పోయేవాడికి రెండు క్షణాలు దొరుకుతాయి. ఆ రెండు క్షణాల్లో అతను మూడు విషయాలు చదవాలి: కుక్క తప్పిపోయింది, ఫొటో, ఫోన్ నంబరు. పెద్ద చార్ట్ సైజు కాగితం, పసుపో నారింజో మెరిసే రంగు, అరచేతి వెడల్పు అక్షరాలు. ఫొటోలో మొహం ఒక్కటే కాదు, ఒళ్లంతా పక్క నుంచి కనబడాలి, ఎందుకంటే ఉరికే కుక్కను జనం పక్క నుంచే చూస్తారు. నంబరు పైన ఒకే ఒక్క వాక్యం లావుగా రాయించండి: "తరమకండి, పిలవకండి, ఫోన్ చేయండి." ఈ వాక్యం లేని పోస్టర్ వేటకు దావత్‌నామా అవుతుంది.

తెలుగులో రాయండి, కింద ఉర్దూలో రాయండి. సిరిసిల్ల వైపైతే హిందీ కూడా వేయించండి, పనికోసం బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు ఉంటారు, రాత్రి షిఫ్టు ముగించి నడిచిపోయేది వాళ్లే. కుక్క ఒంటి మీద ఉన్న ఒక నిషానీని మాత్రం పోస్టర్‌లో రాయకండి. చెవి లోపలి మచ్చ, వెనక కాలి మీద తెల్ల వెంట్రుకలు, ఏదో ఒకటి. "మీ కుక్క నా దగ్గర ఉంది, ముందు ఫోన్‌పేలో డబ్బులు పంపండి" అనేవాడు తప్పకుండా ఫోన్ చేస్తాడు. వాడిని ఆ నిషానీ అడగండి. వీడియో కాల్‌లో చూపించమనండి. కుక్కను కళ్లతో చూడకముందు ఒక్క రూపాయి పంపకండి. ఇనామ్ ఎంతో కూడా రాయొద్దు. పెద్ద మొత్తం రాస్తే గల్లీ పోరగాళ్లు గుంపులుగా వేటకు దిగుతారు, మళ్లీ మొదటి కథే.

ఎక్కడ అంటించాలి? కరెంటు స్తంభాల కన్నా ముందు మాంసం దుకాణాలకు పోండి. ఆకలేసిన కుక్క రెండో మూడో రోజు చేరేది అక్కడికే, చికెన్ సెంటర్ వెనక పారేసిన పేగుల దగ్గరికి, మటన్ దుకాణం మెట్ల కిందికి. వేములవాడ నుంచి కోరుట్ల, జగిత్యాల దాకా ఈ దుకాణాల్లో చాలా వరకు మన బిరాదరీవాళ్లవే. ఏ వీధి కుక్క ఏ దుకాణానికి వస్తుందో ఖురేషీ భాయ్‌లకు మొహం చూసి తెలుసు. కొత్త మొహం కనబడితే మొదట తెలిసేది వాళ్లకే. ఆ తర్వాత అన్నదానం ఆకులు పారేసే చోటు, చాయ్ హోటళ్లు, ఆటో స్టాండు, బస్టాండు.

బస్టాండు అన్నాను కాబట్టి ఒక తొందరపడాల్సిన సంగతి. 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఒక హుకుం ఇచ్చింది. బడులు, దవాఖానాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, ఆట మైదానాల సముదాయాల్లో ఉన్న వీధి కుక్కలను పట్టి షెల్టర్లకు పంపాలి, పట్టిన చోటికి తిరిగి వదలకూడదు అని. మిగతా చోట్ల పాత లెక్కే: 2023 నాటి జనన నియంత్రణ నియమాల ప్రకారం పట్టిన కుక్కకు ఆపరేషన్ చేసి, సూది వేసి, చెవికి గాటు పెట్టి, పట్టిన చోటే వదలాలి. దీని అర్థం ఏమిటంటే, మెడలో పట్టా లేని మీ టైగర్ వీధిలో దొరికితే కొన్ని రోజులకు అదే వీధిలో ఉండొచ్చు, బస్టాండులో దొరికితే అక్కడికి తిరిగి రాదు. అందుకే మొదటి రోజే మున్సిపాలిటీ శానిటేషన్ విభాగానికి ఫొటోతో అర్జీ ఇచ్చి, ముద్ర వేయించుకున్న కాపీ తీసుకోండి. కుక్కలు పట్టే బండి ఈ వారం తిరుగుతోందా, పట్టినవాటిని ఏ ఊరికి పంపుతున్నారు అని అడగండి. జవాబు చెప్పిన ఊరికి మీరే పోయి కళ్లతో చూడండి. "అలాంటిది రాలేదు" అని ఫోన్‌లో చెప్పిన మాట మీద భరోసా వద్దు. పది కుక్కల్లో మీ గోధుమరంగు కుక్కను వాళ్లెలా పోలుస్తారు?

షెల్టర్ అంటే మన ఊళ్లో అందరికీ తిప్పాపూర్ గోశాల గుర్తొస్తుంది. అది రాజన్నకు మొక్కిన కోడెలది, కుక్కలకు సంబంధం లేదు. బ్లూ క్రాస్ లాంటి పెద్ద సంస్థలు హైదరాబాద్‌లో ఉన్నాయి. మన ఊళ్లో తప్పిపోయిన కుక్క నూట యాభై కిలోమీటర్ల అవతల చేరదు, కాబట్టి అక్కడికి ఫోన్లు చేస్తూ మొదటి రెండు రోజులు వృథా చేయొద్దు. పశువుల దవాఖానాకు మాత్రం తప్పకుండా పోండి. దెబ్బ తగిలిన కుక్కను ఎవరైనా రహమ్‌దిల్ మనిషి తెస్తే అక్కడికే తెస్తాడు. 1962 నంబరు బండి పశువుల వైద్యానికి, వెతకడానికి కాదు. కానీ గాయపడి పడి ఉందని తెలిస్తే ఆ నంబరు పనికొస్తుంది.

పల్లెల సంగతి వేరు, అక్కడ భయం పెద్దది. 2024లో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో రాత్రిపూట కుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. 2026 జనవరిలో హనుమకొండ జిల్లా శాయంపేట, ఆరెపల్లి ఊళ్లలో వందల కుక్కలను విషంతో చంపారన్న ఫిర్యాదుల మీద పోలీసులు కేసులు పెట్టారు. జనం గుస్సాకు కారణం లేదని నేననను. 2024లో మన సిరిసిల్ల జిల్లా ముస్తాబాద్ మండలంలోనే ఒంటరిగా ఉన్న వృద్ధురాలిని కుక్కలు చంపేశాయి. ఆ దహ్‌షత్ ఊళ్లలో ఉంది. కానీ విషం కలిపిన అన్నం ముద్దకు వీధి కుక్క, ఇంటి కుక్క అన్న తేడా తెలియదు. మీ కుక్క ఊరు దాటి పల్లె వైపు పోయిందని తెలిస్తే ఆ రోజే సర్పంచును, పంచాయతీ కార్యదర్శిని కలిసి ఫొటో ఇవ్వండి. పట్టా ఉన్న ఇంటి కుక్క ఇటు తిరుగుతోందని వాళ్లకు తెలిసి ఉంటే అది కొంత హిఫాజత్.

ఇప్పుడు చిప్ గురించి, ఎందుకంటే దీని మీద అబద్ధాలు ఎక్కువ. "మా కుక్కకు మైక్రోచిప్ ఉంది, ఫోన్‌లో చూస్తే ఎక్కడుందో తెలుస్తుంది" అని చదువుకున్నవాళ్లే అంటున్నారు. తెలియదు. మైక్రోచిప్ బియ్యపు గింజంత గాజు గొట్టం. భుజాల మధ్య చర్మం కింద సూదితో పెడతారు. అందులో బ్యాటరీ లేదు, సిమ్ లేదు, జీపీఎస్ లేదు. రీడర్ అనే పరికరాన్ని దాదాపు ఒంటికి ఆనించి పెడితే 15 అంకెల నంబరు ఒకటి చూపిస్తుంది, అంతే. ఆ నంబరుకు మీ పేరు, ఫోన్ ఎక్కడైనా రాసి ఉంటేనే దానికి అర్థం. మన దేశంలో అన్ని కుక్కలకూ కలిపి ఒకే జాతీయ రిజిస్టర్ లేదు. ఎవరి జాబితా వాళ్లది. కెన్నెల్ క్లబ్ కాగితాలతో వేలకు వేలు పోసి కొన్న లాబ్రడార్‌కు చిప్ ఉండొచ్చు. కానీ యాజమాన్యం మీ పేరు మీదికి మార్పించకపోతే ఆ నంబరు ఇప్పటికీ అమ్మినవాడిదే. దొరికితే ఫోన్ వాడికి పోతుంది, మీకు కాదు.

చిప్ వద్దనడం లేదు. ఎవరైనా మీ కుక్కను కట్టేసుకుని "ఇది నాదే" అంటే, పోలీస్ స్టేషన్‌లో ఆ 15 అంకెలే మీ గవాహీ. దాన్ని వేయించాక డాక్టర్ ముందే రీడర్‌తో చదివించుకోండి, నంబరు స్టిక్కర్‌ను టీకా పుస్తకంలో అంటించండి, ఏ జాబితాలో ఎక్కించారో అడిగి, అందులో ఈరోజు పనిచేసే ఫోన్ నంబరు ఉందో లేదో చూడండి. సిమ్ మారితే అక్కడా మార్చండి. కానీ వేములవాడ గల్లీలో మీ కుక్కను చూసిన పాలవాడి జేబులో రీడర్ ఉండదు, కళ్లు ఉంటాయి. అతనికి పనికొచ్చేది మెడ పట్టా మీద చెక్కిన పది అంకెలు. వేలాడే బిళ్ల ఊడిపోతుంది. పట్టా మీదే కుట్టించండి, లేదా చెరగని ఇంకుతో రాయండి. తాళం చేతులు, నేమ్ ప్లేట్లు చేసే దుకాణంలో ఈ పని చేస్తారు.

ఇక పట్టుకోవడం. నాలుగో రోజు ఖురేషీ భాయ్ ఫోన్ చేశాడనుకోండి: వాగు గట్టు దగ్గర పాడుబడిన కొట్టంలో ఉంది, రాత్రి ఇషా దాటాక దుకాణం వెనక్కి వస్తోంది. ఇప్పుడు మీ పరీక్ష. ఫోన్ రాగానే పది మంది పోతే పోయినట్టే. పిల్లవాడు, తోడుగా ఒక పెద్ద మనిషి, ఇద్దరే పోండి. ఆస్ట్రేలియాలో లేని చిక్కు ఒకటి మన దగ్గర ఉంది: అక్కడి వీధి కుక్కలు. వాటి ఇలాఖాలోకి వచ్చిన కొత్త కుక్కను అవి తరుముతాయి, మీరు పెట్టిన తిండి కూడా అవే తింటాయి. అందుకని ముందు వందడుగుల అవతల వాటికి కడుపు నిండా అన్నం, ఎముకలు వేయించండి. అవి అక్కడ ఉండగా, ఇటు కొట్టం దగ్గర ఉడికించిన కోడి కార్జం పెట్టండి. మసాలా వద్దు, ఉల్లిగడ్డ వద్దు. రోజూ అదే వేళ, అదే చోటు, అదే పిల్లవాడు.

అది కనబడినప్పుడు పిల్లవాడు నేల మీద పక్కకు తిరిగి కూర్చోవాలి. కళ్లలోకి చూడొద్దు, చేయి చాపొద్దు, పేరు పిలవొద్దు. తాను ఏదో తింటున్నట్టు బిస్కెట్ పొట్లం చప్పుడు చేస్తూ, ఒక ముక్క పక్కన పారేస్తూ ఉండాలి. అది పోతే పోనివ్వండి, రేపు వస్తుంది. గాలి పిల్లవాడి వైపు నుంచి కుక్క వైపు వీచేలా కూర్చుంటే వాసన అందుతుంది, చాలా కుక్కలకు గుర్తుపట్టే క్షణం అదే. అప్పటిదాకా బొమ్మలా నిలబడిన కుక్క ఒక్కసారిగా కుంయ్ మంటూ ఒళ్లో పడుతుంది. కొన్ని అలా రావు. వాటికి కొట్టం తలుపే బోను. తిండిని రోజుకు రెండడుగులు లోపలికి జరపండి, తలుపుకు పొడుగు తాడు కట్టి దూరంగా కూర్చోండి. మొదటిసారి లోపలికి రాగానే లాగొద్దు. రెండు మూడు రాత్రులు నిశ్చింతగా తిని పోనివ్వండి. నడుము లోపలికి పోయి, వీపు తలుపు వైపు ఉండి, తల గిన్నెలో ఉన్నప్పుడు లాగండి. ఒకసారి తప్పితే ఆ కొట్టం వైపు మళ్లీ రాదు, అది గుర్తు పెట్టుకోండి.

దొరికిన సంతోషంలో చేతులతో ఎత్తుకునేవాళ్లకు కాట్లు పడతాయి, ఎంత ప్రేమగా పెంచిన కుక్కైనా సరే. ముందు మెడకు తాడు, తర్వాత మాట. కాటు పడితే, గీరుకున్నా, సబ్బు పెట్టి పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి, అదే రోజు సర్కారీ దవాఖానాలో రేబీస్ టీకా మొదలుపెట్టాలి. పసుపు, సున్నం, కారం పెట్టకండి. కుక్కకు టీకా పుస్తకం ఉందని ఊరుకోకండి, అది నాలుగు రోజులు వీధి కుక్కల మధ్య ఉంది. దాన్ని కూడా పశువుల డాక్టరుకు చూపించి, ఒంటి మీద కాట్లు వెతికించి, మళ్లీ టీకా వేయించండి.

ఇంటికి తెచ్చాక వారం పది రోజులు గేటు లోపల కూడా తాడు విప్పొద్దు. ఒకసారి ఉరికిన కుక్క చిన్న చప్పుడుకే మళ్లీ ఉరుకుతుంది. వచ్చే పటాకుల రాత్రి మగ్రిబ్‌కు ముందే దాన్ని కిటికీలు లేని గదిలోనో మెట్ల కింది అరలోనో పెట్టి, ఫ్యాన్ పెద్దగా తిప్పి, అన్నం పెట్టే పిల్లవాడిని కాసేపు దగ్గర కూర్చోబెట్టండి. అంటించిన పోస్టర్లన్నీ మీ చేతులతోనే తీసేయండి. దొరికిన కుక్క బొమ్మ ఆరు నెలలు స్తంభం మీద వేలాడితే, రేపు ఇంకొకరి కుక్క పోస్టర్‌ను ఎవరూ చదవరు.